వస్తానన్నాడా, వస్తాడన్నాడా?

రాయ్‌పూర్ డబ్ల్యూఆర్ఎస్ కాలనీలో తెలుగు వినపడటం వింతేమీ కాదు. విజయనగరం నుంచి ఇక్కడికి రైలు మార్గం 1931లోనే పూర్తయింది. రైల్వే పనులకు ఉత్తరాంధ్ర నుంచి వచ్చి స్థిరపడ్డవాళ్ల మనవలు ఇప్పుడు ఇంట్లో తెలుగు, వీధిలో హిందీ, బడిలో ఇంగ్లిషు నెట్టుకొస్తున్నారు. అలాంటి పిల్లలకు ఆదివారాలు ఇంగ్లిషు చెప్పే ఓ రిటైర్డ్ ఉద్యోగి ఇంటికి వెళ్లాను.

ఆయన బోర్డు మీద ఒక పిల్లాడి వాక్యం రాసి ఉంచారు: ‘మదర్ టోల్డ్ దట్ ఐ విల్ గో టు బిలాస్‌పూర్ టుమారో.’

“బిలాస్‌పూర్ ఎవరు వెళ్తున్నార్రా?”

“మా అమ్మ, మాస్టారూ.”

“ఇంగ్లిషువాడు చదివితే నువ్వే వెళ్తున్నావనుకుంటాడు.”

తెలుగులో ‘రేపు వెళ్తానని అమ్మ చెప్పింది’ అంటే చాలు. ‘వెళ్తాను’ అమ్మ నోట్లోంచి వచ్చినట్టే ఉంటుంది, ‘అని’ దాన్ని కదపకుండా పట్టుకుంటుంది. ఇంగ్లిషులో మాత్రం చెప్పేవాడు అమ్మ మాటను తన వైపు నుంచి మళ్లీ కూర్చాలి. ‘ఐ’ పోయి ‘షీ’ వస్తుంది, ‘విల్’ ‘వుడ్’ అవుతుంది, ‘టుమారో’ ‘ద నెక్స్ట్ డే’ అవుతుంది. అమ్మ చెప్పిన రోజే చెబితే ‘టుమారో’ ఉంచొచ్చు. ‘టోల్డ్’ తర్వాత ఎవరితో చెప్పిందో రాయాలి, లేదంటే ‘సెడ్’ వాడాలి. చివరికి బోర్డు మీద నిలిచింది: ‘మదర్ సెడ్ దట్ షీ వుడ్ గో టు బిలాస్‌పూర్ ద నెక్స్ట్ డే.’

తర్వాతి తప్పు హిందీ పుణ్యం: ‘షీ ఆస్క్‌డ్ మీ దట్ వేర్ ఆర్ యు గోయింగ్.’ హిందీలో ‘పూఛా’ తర్వాత ‘కి’ పెట్టి ప్రశ్నను యథాతథంగా అతికిస్తారు. ఆ ‘కి’ స్థానంలో పిల్లలు ‘దట్’ పెడతారు. మాస్టారు ‘దట్’ కొట్టేసి, ‘ఆర్ యు’ తిరగేసి, ‘షీ ఆస్క్‌డ్ మీ వేర్ ఐ వాజ్ గోయింగ్’ చేశారు. ‘వస్తావా?’ లాంటి అవును-కాదు ప్రశ్నకైతే ‘ఇఫ్’ కావాలి: ‘షీ ఆస్క్‌డ్ మీ ఇఫ్ ఐ వుడ్ కమ్.’

నాకు బాగా నచ్చింది ఇంకొకటి. ‘రవి వస్తానన్నాడు’ అంటే వచ్చేది రవి. ‘రవి వస్తాడన్నాడు’లో అన్నది రవే అయితే, వచ్చేది రవి కాదు, ఇంకెవరో. క్రియ చివరే తేల్చేస్తుంది. ఇంగ్లిషులో రెండింటికీ ‘రవి సెడ్ హీ వుడ్ కమ్’ ఒక్కటే. “అనుమానం వస్తే పేరు రాసేయండి” అన్నారాయన. ఈ చోట మాత్రం మన భాషదే పైచేయి అని నాకనిపించింది.

“నాన్న రావద్దన్నారు”ను ఒకడు ‘ఫాదర్ సెడ్ మీ డోంట్ కమ్’ అని రాశాడు. ‘ఫాదర్ టోల్డ్ మీ నాట్ టు కమ్’ అని దిద్దించారు.

వెనక కూర్చున్న అమ్మాయి లేచింది. “రాయ్‌పూర్ రాజధాని అని మీరు చెప్పారు కదా. ‘వాజ్’ అని రాస్తే ఇప్పుడు కాదనుకోరా?”

“ఇప్పటికీ నిజమైనదాన్ని ‘ఈజ్’ అనే ఉంచొచ్చు. ‘వాజ్’ రాసినా తప్పు కాదు.”

ఆ పిల్ల ‘ఈజ్’ రాసుకుంది.