సిగరెట్ పెట్టె అట్ట మీద నెల లెక్క

కొన్నిటి మీద నాకు కోపం వస్తే ఓ పట్టాన దిగదు. పెళ్లిళ్లలో బఫే ఒకటి. నెల మొదటి వారంలో మా బాబాయి ఫోన్‌కి వచ్చే ఇరవై ఎనిమిది పేజీల సోషల్ మీడియా రిపోర్టు పీడీఎఫ్ రెండోది.

బాబాయిది ఎడ్లపాడులో హైవే పక్కన కారం మిల్లు. గుప్పెడు కాయ చేతిలో పోస్తే తొడిమ విరిచి చూసి తేజానో, 341 రకమో చెప్పేస్తాడు. అలాంటి మనిషి ఆ పీడీఎఫ్ ముందు బడికి కొత్తగా వచ్చిన పిల్లాడిలా కూర్చుంటాడు. "ఏందిరా ఇది? అమ్మిందెంత అంటే రంగులు చూపిస్తారేంది?"

ఏప్రిల్ రిపోర్టు మొదటి పేజీలో పెద్ద అక్షరాలతో వ్యూస్ 212 శాతం పెరిగాయని ఉంది. కారణం వెతికితే కొండవీడు ఘాట్ రోడ్డు రీలు. లక్షా నలభై వేల వ్యూస్. జనం కొండను చూశారు, కొండ దిగి వెళ్లిపోయారు. కారం గురించి అడిగిన పాపాన పోలేదు.

వ్యూస్ అంటే ఒకడు మూడుసార్లు చూస్తే మూడు. రీచ్‌లో వాడు ఒక్కడే. అందుకే నాలుగు వారాల రీచ్‌ని కూడి నెల రీచ్ అనకూడదు, వాడు ప్రతి వారంలోనూ ఉండొచ్చు. ఆ రిపోర్టులో కూడేశారు. సరే, అసలు ఈ రెండూ బాబాయికి మొదటి పేజీలో ఎందుకు?

మా నాన్న పనిచేసిన జిన్నింగు మిల్లులో ఒక గుమస్తా ఉండేవాడు. సాయంత్రం సిగరెట్ పెట్టె అట్ట వెనక నాలుగు వరుసలు రాసి షావుకారు ముందు పెట్టేవాడు. షావుకారు అన్నం తింటూ ఎడమచేత్తో పట్టుకుని చదివేవాడు. నాకు కావలసిందీ ఆ అట్టే.

ముందు వాట్సాప్ బిజినెస్‌లో మూడు లేబుళ్లు పెట్టించాను: రీలు, గూగుల్, పాతవాళ్లు. కొత్త నంబరు నుంచి మెసేజ్ రాగానే "మమ్మల్ని ఎక్కడ చూశారండీ, ఏ వీడియోలో?" అని అడగడం మిల్లులో కుర్రాడి పని. అడగకపోతే లేబుల్ లేదు, లేబుల్ లేకపోతే నెలాఖరుకి అంతా ఊహే. లెక్క తీసేది ఒకటో తారీఖు పొద్దున, ప్రతి నెలా అదే పూట. ఇరవై తొమ్మిదిన పెట్టిన రీలుకి వచ్చే నెలంతా చూపులు పడుతూనే ఉంటాయి. ఒకసారి రెండున, ఒకసారి ఎనిమిదిన తీస్తే పోలికే కుదరదు.

ఏప్రిల్ అట్ట ఇలా తేలింది. రీలు చూసి అడిగినవాళ్లు 64 మంది. కొన్నవాళ్లు 19 మంది, 61 కిలోలు. ఖర్చులు పోను కిలోకి 90 రూపాయల చొప్పున మిగిలింది 5,490. ప్రకటనలకు పెట్టింది 6,000. అంటే 212 శాతం పెరిగిన నెలలో 510 రూపాయలు చేతినుంచి పడ్డాయి. బాబాయి కళ్లజోడు తీసి తుడుచుకున్నాడు.

ఇంకో సంగతి కూడా బయటపడింది. ఇద్దరు ఆడవాళ్లు గోనె మీద కూర్చుని కాయకి తొడిమలు తీసే వీడియో ఒకటుంది. తొమ్మిది వేల వ్యూసే. అడిగిన 64 మందిలో 41 మంది చెప్పింది దాని పేరే. అట్ట కింద మాటల్లో ఒక్క వరుస రాశాను: కొండ మానేసి తొడిమలు ఇంకో రెండు తీయాలి.

మార్చితో పోల్చమన్నాడు బాబాయి. వద్దన్నాను. ఏప్రిల్, మే నెలల్లో ఆవకాయకి ప్రతి ఇంట్లోనూ కారం కావాలి, పోస్టరు పెట్టకపోయినా అమ్ముడుపోతుంది. నిరుడు ఏప్రిల్‌తోనే పోల్చాలి. నిరుడు లేబుళ్లు లేవు కాబట్టి ఈ ఏడాది ఆ గడి ఖాళీగానే ఉంటుంది. ఉండనీ, ఖాళీ గడి అబద్ధం చెప్పదు.

అట్టకీ లోపాలున్నాయి. వీడియో చూసి నేరుగా మిల్లుకే వచ్చి, ఏమీ చెప్పకుండా రెండు కిలోలు పట్టుకెళ్లేవాళ్లు ఇందులో పడరు. పైగా ఆ 19 మందిలో ఏడుగురు జూన్‌లో ప్రకటన ఖర్చు లేకుండానే మళ్లీ తెప్పించుకున్నారు. దాంతో 510 నష్టం అన్న మాట కొంచెం మెత్తబడింది. అందుకని 'మళ్లీ వచ్చినవాళ్లు' అని ఐదో వరుస చేర్చాం.

ఐదో వరుసకి ఆ గుమస్తా ఒప్పుకునేవాడు కాదేమో. నాలుగు దాటితే షావుకారు అన్నం చల్లారిపోతుందనేవాడు. ఆయనది కాపీయింగ్ పెన్సిలు. ప్రతి అంకెకి ముందు మొనని నాలుక మీద అద్దుకునేవాడు, తడిస్తే ఊదారంగు దిగుతుంది కదా. లెక్క కుదిరిన రోజు పెదవి మీద చిన్న మచ్చ ఉండేది. కుదరని రోజు కొట్టేసి, రాసి, మళ్లీ కొట్టేసి, చీకటిపడేసరికి నోరంతా నేరేడుపళ్లు తిన్నట్టు అయ్యేది. మేం పిల్లలం ఆయన నోరు చూసే మిల్లులో ఆ రోజు ఎలా గడిచిందో చెప్పేసేవాళ్లం.