పంక్తిలో మొదటి పాయసం

మనవాళ్ళ పెళ్ళిళ్ళలో ఆకు వేయగానే తీపే ముందు వడ్డిస్తారు కదా. మా ఇంటావిడకు గ్యాస్ట్రిక్ బైపాస్ ఆపరేషన్ అయ్యాక మాకు అదే చిక్కు. మొన్న ఒక పెళ్ళిలో పెద్దావిడ ఎవరో బలవంతపెడితే అరగ్లాసు పాయసం తాగింది. 20 నిమిషాలకే గుండె దడ, చెమటలు, కడుపులో మెలిపెట్టే నొప్పి. అందరూ హడలిపోయారు. దీన్ని డంపింగ్ అంటారు. పొట్ట చిన్నదైంది గనుక చక్కెర అక్కడ నిలవక నేరుగా చిన్నపేగులోకి దిగి, ఒంట్లో నీటిని అక్కడికి లాగుతుంది. కాసేపు పడుకోబెడితే సర్దుకుంది. తిన్నాక ఒకటి నుంచి మూడు గంటలకు వణుకు, కళ్ళు తిరగడం వస్తే అది వేరే సంగతి, రక్తంలో చక్కెర పడిపోవడం. డాక్టరుకు చెప్పాల్సిందే.

ఇప్పుడు ముందు గట్టిపప్పు, పెరుగు తింటాం, తర్వాత కూర, చివర రెండు చెంచాల అన్నం. అరగంటసేపు నమిలి తినాలి. నీళ్ళు ఇంకో అరగంటకు. (రసం తాగడం మానడమే మాకు కష్టమైంది!) ఇంట్లో అయితే చిన్నగిన్నెతో రోజుకు ఐదారుసార్లు.

ఐరన్ మాత్ర, కాల్షియం మాత్ర కలిపి వేసుకుంటే ఐరన్ ఒంటికి సరిగ్గా పట్టదు, మధ్యలో రెండు గంటలు ఉండాలి. బి12 జీవితాంతం మానకూడదు. అరికాళ్ళు తిమ్మిరెక్కుతుంటే రక్తపరీక్ష చేయించాలి.

మన సంఘం విందుల్లో తీపి అడిగి వడ్డించమని మా విన్నపం.