మూడు నిమిషాలు, రెండు, ఒకటి

మా అక్క ఒక నిమిషం పాటు ఇంగ్లీషులో మాట్లాడిన రికార్డింగు నా ఫోన్లో ఉంది. పని కట్టుకుని లెక్కపెట్టాను, పదిహేడు చోట్ల ఆగింది. మాట్లాడేటప్పుడు ఎవరైనా ఆగుతారు, తెలుగులో నేనూ ఆగుతాను. కానీ మనం మామూలుగా ఒక మాట పూర్తయ్యాక ఊపిరి తీసుకోవడానికో, తర్వాతి మాట ఆలోచించుకోవడానికో ఆగుతాం. అక్క దాదాపు ప్రతిసారీ వాక్యం మధ్యలోనే ఆగింది. "మై సన్" అని ఆగింది. "బోర్డ్" అని ఆగింది. క్రియ రావాల్సిన చోటికి వచ్చేసరికి నిశ్శబ్దం.

అక్కకి నలభై ఒకటి. తెనాలిలో తెలుగు మీడియం, తర్వాత బీకాం. బ్యాంకు వాళ్ళు పంపే ఉత్తరాలూ స్కూలు సర్క్యులర్లూ తనే చదువుతుంది, బావ ఫారాలు నింపితే స్పెల్లింగులు తనే దిద్దుతుంది. మాట్లాడటం దగ్గరే వచ్చింది చిక్కు. మియాపూర్లో మావాడు ఏడో తరగతి. పేరెంట్స్ మీటింగులో టీచర్ ఏదైనా అడగ్గానే "నువ్వుండమ్మా, నేను చెప్తా" అని వాడే అందుకుంటాడు. అమ్మకీ టీచర్‌కీ మధ్య దుబాసీ వాడే. వాడికి ఇబ్బంది లేనంత వరకే అనువాదం.

మొన్న జూన్ నుంచి వాడికి బోర్డు మీద అక్షరాలు సరిగ్గా కనపడట్లేదని అక్క అనుమానం. కళ్ళజోడు పెట్టేస్తారని వాడి భయం. అంటే ఈ ఒక్క విషయం వాడు చచ్చినా అనువదించడు. అక్కే చెప్పాలి.

"ఎక్కడైనా కోచింగులో చేరొచ్చుగా" అన్నాను. "చేరాగా ఒకసారి. మళ్ళీ టెన్సులే చెప్పారు. అవి నాకొచ్చే. వచ్చింది నోట్లోంచి ఊడిపడట్లేదు, అదీ బాధ," అంది. నిజానికి సమస్యను ఇంతకన్నా కచ్చితంగా ఎవరూ చెప్పలేరు. పరీక్షలో ఖాళీ పూరించడానికి అరనిమిషం టైముంటుంది. ఎదురుగా మనిషి నిలబడి ఉంటే అరక్షణం కూడా ఉండదు. ఇంకొన్ని పాఠాలు చదివితే తీరే తేడా కాదిది. తెలిసిందాన్నే త్వరగా అందుకోవడం నేర్చుకోవాలి, దానికి వాడిందే మళ్ళీ మళ్ళీ వాడాలి.

క్రియ దగ్గరే ఎందుకు ఆగుతోందంటే, తెలుగు మనకిచ్చే వెసులుబాటు అలాంటిది. "మావాడికి, వెనక బెంచీలో కూర్చుంటే, బోర్డు మీద రాసింది" దాకా వచ్చేసి, అప్పుడు తీరిగ్గా "కనపడట్లేదండి" అనొచ్చు. కర్తని చెప్పకపోయినా నడుస్తుంది. క్రియ చివరికి వస్తుంది కాబట్టి, ఏమనబోతున్నామో మాట్లాడుతూ మాట్లాడుతూ తేల్చుకోవచ్చు. ఇంగ్లీషు ఆ అప్పు ఇవ్వదు. ఎవరు, ఏం చేశారు అనేది మొదటి రెండు మూడు మాటల్లో కట్టేయాలి. "హీ కాంట్ సీ" అయిపోయాక బోర్డూ వెనక బెంచీ ఎంత నెమ్మదిగా వచ్చినా ఫరవాలేదు. అక్క తెలుగు వరసలో వెనక బెంచీ నుంచి మొదలుపెట్టి, క్రియ కోసం వెతుక్కుంటూ మధ్యలో ఇరుక్కుపోయేది.

అందుకని మొదటి వారం వంటింట్లోనే గడిచింది. చేస్తున్న పనిని ఎవరు, ఏం చేశారు అనే ముక్క వరకూ ఆగకుండా పైకి అనడం. "ఐ వాష్డ్" అనేసి, కాస్త ఆగి, "ద రైస్". "హీ ఫర్‌గాట్", ఆగి, "హిజ్ టిఫిన్ బాక్స్". ఆగే చోటుని క్రియ ముందు నుంచి క్రియ వెనక్కి జరపడం, అంతే. పని చేస్తూ చేసేది కాబట్టి దీనికి వేరే టైమంటూ అక్కర్లేదు. పనిమనిషి మాత్రం రెండు రోజులు అనుమానంగా చూసిందట.

రెండో వారం నుంచి అసలు కసరత్తు. ఎమ్మేలో భాషాబోధన పేపరు చదివినప్పుడు ఫోర్-త్రీ-టూ అనే పద్ధతి గురించి విన్నాను. 1983లో కీత్ మారిస్ అనే ఆయన రాశాడు, తర్వాత పాల్ నేషన్ దాన్ని బాగా ప్రచారంలోకి తెచ్చాడు. ఒకే విషయాన్ని ఒకరికి నాలుగు నిమిషాల్లో చెప్పాలి, అదే విషయాన్ని ఇంకొకరికి మూడు నిమిషాల్లో, మరొకరికి రెండు నిమిషాల్లో. చెప్పేది మారదు, వినేవాళ్ళు మారతారు, టైము తగ్గుతుంది. మొదటిసారి ఏం చెప్పాలా అన్న వెతుకులాటే సరిపోతుంది. రెండోసారికి ఆ బరువు తీరిపోయి, మాటలు త్వరగా అందుతాయి.

అక్కకి నాలుగు నిమిషాలు మరీ ఎక్కువనిపించి మూడు, రెండు, ఒకటిగా కుదించాం. ఇంట్లో ఒంటరిగా చేసేవాళ్ళకి వినేవాళ్ళు ముగ్గురు ఎక్కడ దొరుకుతారు? మేం ఇలా సర్దుకున్నాం. పదిన్నరకి ఇల్లు ఖాళీ అయ్యాక మూడు నిమిషాలు ఫోన్ రికార్డర్‌కి. వెంటనే రెండు నిమిషాలు నాకు వాయిస్ మెసేజ్. మధ్యాహ్నం నా లంచ్ టైములో ఫోన్ చేసి, ఒక్క నిమిషం, నేరుగా నాతో. అంతా కలిపి పావుగంట పట్టదు. ఒకే విషయం వరసగా మూడు రోజులు, నాలుగో రోజు కొత్తది. రోజుకో విషయం మారుస్తానని అక్క పట్టుబట్టింది, బోరు కొడుతుందని. నేను ఒప్పుకోలేదు. 2011లో నెల్ డి యోంగ్, చార్ల్స్ పెర్ఫెట్టి చేసిన ప్రయోగంలో, ఒకే విషయాన్ని మళ్ళీ మళ్ళీ చెప్పినవాళ్ళకి ఆ ధార కొత్త విషయాల మీద మాట్లాడేటప్పుడు కూడా నిలిచింది. ప్రతిసారీ విషయం మార్చినవాళ్ళకి అలా నిలవలేదు. విసుగులో కొంత ఫలం ఉందన్నమాట.

విషయాలు అన్నీ మియాపూర్ సరుకే. ట్యాంకర్ రాని రోజు, పై ఫ్లాట్ వాళ్ళ బాత్రూమ్ నుంచి మా సీలింగుకి కారిన నీళ్ళు, అబ్బాయి కళ్ళు. గ్లోబల్ వార్మింగ్ మీద మాట్లాడే పుస్తకాలు బోలెడున్నాయి గానీ, మా అక్కని దాని గురించి ఎవరడుగుతారు?

రెండో వారం చివర్లో వాయిస్ మెసేజ్ వింటే ఆశ్చర్యం. ఒక్క ఆపూ లేదు. ఇంత బాగా చెప్పిందేమిటా అని మధ్యాహ్నం ఫోన్లో మధ్యలో అడ్డుపడి "విచ్ బాత్రూమ్?" అన్నాను. అటువైపు నిశ్శబ్దం. తర్వాత మళ్ళీ "గుడ్ మార్నింగ్, ఐ యామ్ ఫ్రమ్ ఫ్లాట్ త్రీ నాట్ టూ" నుంచి అందుకుంది. చిన్నప్పుడు వేమన పద్యం అప్పజెప్తూ మధ్యలో ఆగితే మళ్ళీ మొదటి పాదం నుంచి ఎత్తుకునేవాళ్ళం చూడండి, అచ్చం అలాగే. కాగితం మీద రాసుకుని బట్టీపట్టింది. ఆపులు అసలే లేకపోవడం కూడా ఒక లక్షణమే. మాటకీ మాటకీ మధ్య చిన్నగా ఆగుతూ, మాట లోపల ఆగకుండా ఉంటే అది మాట్లాడటం. ఎక్కడా ఆగకపోతే అది అప్పజెప్పడం.

దాంతో ఒక నియమం పెట్టాం. చేతిలో చీటీ ఉండొచ్చు, దాని మీద అయిదు మాటలు మించకూడదు, వాక్యాలు ఉండకూడదు. ఫోన్లో నేను కనీసం రెండుసార్లు అడ్డుపడతాను. అడ్డుపడినప్పుడు గుండె ఆగకుండా అక్కకి మూడు మాటలు ఇచ్చాను: "సారీ, కుడ్ యూ సే దట్ అగైన్?", "లెట్ మీ థింక్", "వాట్ ఐ మీన్ ఈజ్". ఈ మూడు మాత్రం బట్టీపట్టొచ్చు. ఇవి చెప్తున్నంతసేపూ నోరు ఖాళీగా ఉండదు, లోపల వెతుక్కోవడానికి రెండు సెకన్లు దొరుకుతాయి.

ఈ పద్ధతికి ఇంకో ఇబ్బంది ఉంది. మళ్ళీ మళ్ళీ చెప్తే తప్పు కూడా మళ్ళీ మళ్ళీ వస్తుంది, గట్టిపడుతుంది. అక్క "డిడ్ నాట్ కేమ్" అని మూడు నిమిషాల్లో నాలుగుసార్లు అంది. అందుకని మొదటి రికార్డింగు తనే విని, ఒక్క తప్పు, ఒకే ఒక్కటి పట్టుకుని, రెండోసారి దాన్ని సరిచేసి చెప్పాలి. అన్నీ దిద్దబోతే ఆపులు మళ్ళీ పెరుగుతాయి. ఉచ్చారణ జోలికి మేం పెద్దగా పోలేదు. తెలుగు నోరు మాట చివర అచ్చు లేనిదే ఊరుకోదు, "బస్సు" అంటుంది, "టోల్డు" అంటుంది. మియాపూర్లో ఎవరికీ అది అర్థం కాకుండా పోదు.

నేను పట్టుబట్టి మార్పించింది ఒకటుంది. అక్క "గివ్ హిమ్ ఫ్రంట్ బెంచ్, మేడమ్" అనేది. తెలుగులో ఆ మర్యాదంతా క్రియ తోకలో ఉంటుంది: "కూర్చోబెట్టగలరా అండీ". ఇంగ్లీషు క్రియకి ఆ తోక లేదు, మర్యాద వాక్యం ముందుకి వచ్చి కూర్చుంటుంది. "కుడ్ యూ" లేకపోతే మా అక్కలాంటి నెమ్మదస్తురాలు కూడా దబాయిస్తున్నట్టు వినపడుతుంది. మేడమ్ అని ఎన్నిసార్లు చేర్చినా లాభం లేదు.

తొమ్మిదో వారంలో మీటింగు. నేను లేను, తర్వాత అక్క చెప్పిందే రాస్తున్నాను. వాడు మామూలుగానే "నువ్వుండమ్మా" అన్నాడట. "హీ కాంట్ సీ ద బోర్డ్ ఫ్రమ్ ద బ్యాక్. కుడ్ యూ మూవ్ హిమ్ టు ద ఫ్రంట్ ఫర్ సమ్ డేస్?" అనేసిందట అక్క. "సమ్ డేస్" కన్నా "ఎ ఫ్యూ డేస్" బాగుంటుందని నాకనిపించింది గానీ పైకి అనలేదు. టీచర్ వాడి నోట్స్ తిరగేసి, తలనొప్పులు వస్తున్నాయా అని ఇంగ్లీషులో అడిగింది. అక్క "లెట్ మీ థింక్" అంది. అని, నిజంగానే ఆలోచించి, సాయంత్రాలు వస్తున్నాయని చెప్పింది. అప్పుడా టీచర్ అచ్చమైన గోదావరి యాసలో "అయితే ముందు కళ్ళ డాక్టర్‌కి చూపించెయ్యండి మరి" అందట.

"మూడు నెలలు నన్ను చంపావు కదే, ఆవిడకి తెలుగొచ్చే!" అని ఫోన్లో ఒకటే నవ్వు.

ఆ సాయంత్రమే కొత్త రికార్డింగు పంపింది. నిమిషానికి తొమ్మిది ఆపులు, వాటిలో ఆరు వాక్యాల చివర. ఇప్పుడు కళ్ళాసుపత్రికి ఫోన్ చేసి అపాయింట్‌మెంట్ తీసుకోవాలి. ఫోన్లో ఎదుటివాళ్ళ మొహం కనపడదు, పెదాలు కనపడవు, అంకెలు గబగబా చెప్పేస్తారు. అందుకని ఈ మూడు రోజులూ నేను రిసెప్షనిస్టుని. చీటీ మీద అక్క రాసుకున్నవి: బాయ్, ట్వెల్వ్, బోర్డ్, హెడేక్, సాటర్‌డే.