నాలుగు సిరల చుట్టూ గట్టు

"గుండెని లోపల్నుంచి కాలుస్తారటగా మాస్టారూ?" ఉయ్యూరులో నన్ను చాలామంది అడిగిన ప్రశ్న ఇది. కాల్చే మాట నిజమే. అలా కాల్చిన మచ్చలే గట్టులా పనిచేస్తాయి. మన డెల్టావాళ్ళకి గట్టంటే ఏమిటో, గండంటే ఏమిటో వేరే చెప్పక్కర్లేదు కాబట్టి ఆ భాషలోనే చెబుతాను.

నాకు 61వ ఏట ఏట్రియల్ ఫిబ్రిలేషన్ అని తేలింది. ఉన్నట్టుండి దడ మొదలయ్యేది. నాడి 140 దాటేది, అదీ ఒక వరుస లేకుండా. కొన్ని గంటలకి దానంతటదే సర్దుకునేది. రెండు రకాల మందులు మార్చినా ఆగలేదు. అప్పుడు విజయవాడలో గుండె కరెంటు సంగతులు చూసే డాక్టరుగారు క్యాథెటర్ అబ్లేషన్ చేయిద్దామన్నారు.

ఊపిరితిత్తుల నుంచి మంచి రక్తాన్ని గుండె ఎడమ కర్ణికకి తెచ్చే సిరలు మామూలుగా నాలుగుంటాయి. గుండె కండరం ఆ సిరల్లోకి కొంతదూరం పాకి ఉంటుంది. అక్కడ అకాలంగా పుట్టే కరెంటు కర్ణికలోకి వచ్చి దాన్ని వణికిస్తుంది. ఫ్రాన్సులోని బోర్డో డాక్టర్లు 1998లో 45 మంది రోగుల్ని పరీక్షించి, దడని రేపే చోట్లలో 94 శాతం ఈ సిరల్లోనే ఉన్నాయని చూపించారు. అందుకే సిరల జోలికి పోకుండా, అవి కర్ణికలో కలిసేచోట చుట్టూ గట్టు వేస్తారు. కరెంటు లోపల పుట్టినా బయటికి రాదు.

నాకు మత్తిచ్చి, కుడి గజ్జలోని సిర గుండా సన్నటి గొట్టాలు పంపారు. అవి ముందు కుడి కర్ణికలోకి చేరతాయి. రెండు కర్ణికల మధ్య గోడకి సూదితో చిన్న రంధ్రం చేసి ఎడమవైపుకి వెళ్ళారు. రక్తం గడ్డకట్టకుండా హెపారిన్ ఇస్తూ, ఎడమవైపు రెండు సిరల చుట్టూ ఒక వలయం, కుడివైపు రెండిటి చుట్టూ ఇంకొకటి, చుక్క పక్కన చుక్కగా కాల్చారు. తర్వాత సిరలో వలయంలాంటి క్యాథెటర్ పెట్టి చూశారు. కర్ణిక కరెంటు సిరలోకి వెళ్ళకూడదు, సిరలోంచి ఇచ్చిన కరెంటు కర్ణికకి అందకూడదు. రెండూ ఆగితేనే గట్టు పూర్తయినట్టు.

"నూటికి నూరుపాళ్ళు తగ్గుతుందా?" అని మా ఆవిడ ముందే అడిగింది.

"లేదమ్మా. ఈయనలా వచ్చిపోయే రకమైతే, ఒక్కసారి చేస్తే ఏడాదికి నూటికి 70, 80 మంది బాగుంటారు. దడ విడవకుండా ఉండిపోయిన రకానికి అంతకన్నా తక్కువ" అన్నారు డాక్టరుగారు.

ఎందుకలా అంటే, కాల్చినచోట కొంత కండరం చచ్చిపోతుంది, కొంత వాచిపోతుంది. ఆ రోజుకి రెండూ కరెంటుని ఆపుతాయి. వాపు తగ్గాక బతికున్న కండరం మళ్ళీ దారి ఇస్తుంది. అదే గండి.

నాకు మూడో వారంలో దడ వచ్చింది. మొదటి రెండు మూడు నెలల్లో వచ్చేది వాపు వల్ల కూడా కావచ్చు కాబట్టి, దాన్ని వైఫల్యం కింద లెక్కించరట. అది తగ్గింది. పదో నెలలో మళ్ళీ వచ్చింది. ఈసారి లోపలికెళ్ళి చూస్తే మూడు సిరల గట్టు భద్రంగా ఉంది, కుడివైపు పై సిర దగ్గర మాత్రం గండి పడింది. అక్కడ కాసిని చుక్కలు కాల్చి మూసేశారు. ఆ తర్వాత ఏడాదికి హోల్టర్ పెట్టి చూస్తే దడ కనిపించలేదు.

ప్రమాదాలూ ఉన్నాయి. నాకు గజ్జలో రక్తం కమిలి పది రోజులు నడక కష్టమైంది. ఇది తరచూ జరిగేదే. గుండెకి చిల్లుపడి దాని చుట్టూ రక్తం చేరడం నూటికి ఒకరికో, అంతకన్నా తక్కువమందికో జరుగుతుంది. వెంటనే సూదితో తోడేయాలి. పక్షవాతం ఇంకా అరుదు. అన్నిటికన్నా అరుదైనదీ, భయపడాల్సినదీ ఒకటుంది. ఎడమ కర్ణిక వెనకే అన్నవాహిక ఉంటుంది. వేడి దాకా తగిలితే కొన్ని వారాలకి రెండిటి మధ్య రంధ్రం పడొచ్చు. రెండు నెలల లోపు జ్వరం, మింగితే నొప్పి, మాట తడబడటం లాంటివి కనిపిస్తే ఊళ్ళో జ్వరం బిళ్ళతో సరిపెట్టకుండా, అబ్లేషన్ చేసినచోటికే వెళ్ళి ఛాతీకి సీటీ స్కాన్ తీయించాలి. ఎండోస్కోపీ మాత్రం వద్దని చెప్పాలి. అందులో ఊదే గాలి ఆ రంధ్రం గుండా రక్తంలోకి వెళ్తే ప్రాణానికే ముప్పు.

మా బావగారికీ ఇదే జబ్బు. ఆయనకి చిన్నప్పటి కీళ్ళవాతం జ్వరం వల్ల మైట్రల్ కవాటం బాగా ఇరుకైంది. నన్ను చూసి తనకీ అబ్లేషన్ చేయించమన్నారు. ఆయనకి ముందు చూడాల్సింది కవాటమే అని డాక్టరుగారు చెప్పారు.

దడ పోయింది కదా, రక్తం పలచబరిచే బిళ్ళ మానేయొచ్చా అని నేనూ అడిగాను. అబ్లేషన్ తర్వాత కనీసం రెండు నెలలు అందరూ వాడాల్సిందే. ఆ తర్వాత ఉంచాలా తీయాలా అన్నది దడని బట్టి తేల్చరు. వయసు, బీపీ, సుగర్, పాత పక్షవాతం లాంటివి లెక్కేసి తేలుస్తారు. నాకు బీపీ ఉంది, సుగర్ ఉంది. అందుకని గట్టు నిలిచినా ఆ బిళ్ళ మాత్రం రోజూ వేసుకుంటున్నాను.