రథం చుక్క

మార్కాపురం లక్ష్మీచెన్నకేశవస్వామి బ్రహ్మోత్సవాల కార్యక్రమ పుస్తకానికి ఏ ఖతి వాడితే బాగుంటుందో సూచిస్తూ కమిటీవారికి ఒక చీటీ రాసిచ్చాను. సాటి బ్లాగరులకు పనికిరావచ్చునని దాని సారాంశాన్ని ఇక్కడ పెడుతున్నాను.

ఖతిని ఎంచడానికి ముందు నేను చూసినది ఒక్క అక్షరాన్ని: రథోత్సవంలోని ‘థ’. దాని పొట్టలో చుక్క ఉంటుంది. సిరా చిక్కనైతే ఆ చుక్క గీతకు అంటుకుపోతుంది. పల్చనైతే మాయమై రథం కాస్తా ‘రధం’ అవుతుంది. ‘పీఠం’లోని ‘ఠ’దీ ఇదే అవస్థ. చుక్క పోతే అది ‘ర’లా కనబడుతుంది. అందుకని స్వామి పేరు, రథోత్సవం, పీఠం, శ్రీవత్సస గోత్రం అన్న మాటలను 10, 12, 14 పాయింట్లలో, పుస్తకానికి వాడబోయే కాగితం మీదనే అచ్చుతీయించి చూశాను.

దేశికాచార్యులవారి పోతన మనందరికీ చిరపరిచితం, నాకు ప్రీతిపాత్రం కూడా. అయినా ఆ కాగితం మీద ‘మండలి’యే నా కంటికి నిలకడగా కనిపించింది. దానిని ఉచితంగా వాడుకోవచ్చు, అచ్చువేయవచ్చు. ఒంటికి 14 పాయింట్లు, వరుసల మధ్య 22 పాయింట్లు ఉండాలన్నాను. ‘క్ష్మీ’ వంటి సంయుక్తాక్షరానికి పైన గుడిదీర్ఘం, కింద మవత్తు ఉంటాయి. చోటు చాలకపోతే పై వరుస వత్తు కింది వరుస గుడిని తాకుతుంది.

“ఉభయదాతల పేర్లయినా లావుగా వేయించు నాయనా” అన్నారొక పెద్దాయన. మండలిలో లావు అక్షరం వేరుగా లేదు. B నొక్కితే కంప్యూటరు ఉన్న గీతనే ఉబ్బించి చూపుతుంది, మళ్ళీ చుక్క పూడిపోతుంది. డబ్బిచ్చిన వ్యక్తి తన గోత్రాన్ని తప్పుగా చదువుకోవడం కంటే పేరు సన్నగా ఉండడమే మేలు కదా! శీర్షికలకు మాత్రం ‘రామభద్ర’ సూచించాను. పుట్టుకతోనే అది లావు.

ఇక ముద్రణాలయం సంగతి. అక్కడ పేజ్‌మేకరూ, అను ఖతులూ. యూనికోడు పాఠాన్ని తెచ్చి అందులో అతికిస్తే అర్థంలేని గుర్తులే వస్తాయి. మళ్ళీ కొట్టిస్తే కొత్త తప్పులు దొర్లుతాయి. కాబట్టి లిబ్రెఆఫీసులో మనమే పేజీలు కూర్చి, ఖతులు పొదిగిన పీడీఎఫ్ ఇవ్వాలన్నాను. వారి యంత్రంలో మండలి లేకపోయినా అచ్చు మారదు.

అక్షరం పెరిగితే 12 పేజీలు 16 అవుతాయి, మడత పుస్తకానికి పేజీలు నాలుగేసి చొప్పున పెరుగుతాయి గనుక. ఖర్చు తట్టుకోలేమంటే శుభాకాంక్షల ఫోటోలు రెండు తీసేయమన్నాను. చీటీలో కమిటీవారు ఇంకా ఒప్పుకోనిది ఆ ఒక్క వాక్యమే.