శత్రువుకూ శత్రువుకూ మధ్య ఎడం

టవర్ డిఫెన్స్ ఆటల్లో శత్రువులు అలలు అలలుగా వస్తారు. దారి పక్కన బురుజులు కట్టి వాళ్ళను కోట చేరకుండా ఆపాలి. ఆట క్రమంగా కఠినం కావాలంటే శత్రువుల ఆయువు పెంచుతూ పోతే చాలునని చాలామంది అభిప్రాయం. సాయంత్రాలు సరదాగా అటువంటి ఆటనొకదాన్ని రాసుకుంటున్న నాకు మాత్రం, ఆయువుకన్నా ఎడమే బలమైన సాధనమని తోస్తున్నది.

ఒక చిన్న లెక్క చూడండి. నా బురుజు దారిలో ఆరు గడులమేర కొట్టగలదు. సెకనుకు 10 ఆయువు తీస్తుంది. ముందున్నవాడినే గురిపెట్టడం దాని స్వభావం. శత్రువు సెకనుకు రెండు గడులు నడుస్తాడు కనుక దాని ఎదుట మూడు సెకన్లుంటాడు. అతని ఆయువు 30. మూడేసి సెకన్ల ఎడంతో పదిమందిని పంపితే పదిమందీ చస్తారు. అదే పదిమందిని ఒకటిన్నర సెకను ఎడంతో పంపితే? మొదటివాడొక్కడే చస్తాడు! రెండోవాడి వంతు వచ్చేసరికి అతనికి మిగిలింది ఒకటిన్నర సెకనే. సగం ఆయువుతో దాటిపోతాడు. ఆ ఆలస్యం మూడోవాడికీ, చివరివాడిదాకా సంక్రమిస్తుంది. ఇది మెట్టు కాదు, కొండచరియ.

అందుచేత అలనంతా ఒకేసారి బిగించకుండా ఒక్క జంటను మాత్రమే దగ్గర చేస్తాను: ఇద్దరి మధ్య ఒకటిన్నర సెకను, వాళ్ళ వెనుక నాలుగున్నర సెకన్ల విరామం. అల మొత్తం నిడివి మారదు, ఒక్కడే తప్పించుకుంటాడు. తర్వాతి అలలో రెండు జంటలు, ఆ పైన మూడు. రెండో బురుజు కట్టవలసిన అవసరం ఆటగాడికి మెల్లగా తెలిసివస్తుంది.

ఇక శత్రువుల రకాలు. 2009లో వచ్చిన 'ప్లాంట్స్ వర్సెస్ జాంబీస్'లో మామూలు జాంబీకి పది బఠాణీ దెబ్బలు చాలు. నెత్తిన బకెట్టు ఉన్నవాడికి 65 కావాలి. నడక మాత్రం ఒకటే. నడక మారితే కథ వేరు. నా ఆటలో పరుగుగాడు సెకనుకు నాలుగు గడులు పోతాడు, ఆయువు 15. బురుజు పరిధి ద్వారానికి ఇరవై గడుల దూరంలో మొదలవుతుంది. నడిచేవాడు బయలుదేరిన అయిదు సెకన్లకు పరుగుగాడిని వదిలితే, ఇద్దరూ పదో సెకనులో అక్కడికి కలిసే చేరుకుంటారు. ద్వారం దగ్గర కనిపించిన ఎడం బురుజు దగ్గర ఉండదన్నమాట! అందుకే కొత్త రకాన్ని మొదట ఒంటరిగా చూపించి, మరుసటి అలలోనే ఇలా జత కలుపుతాను.

బురుజులు ఎక్కువైన కొద్దీ చేతిలెక్క కుదరదు. అప్పుడు ప్రతి అలలోనూ చివరిగా చచ్చినవాడు ఏ గడిలో పడ్డాడో రాసుకుంటాను. ఆ గడి అలకు రెండు మూడు చొప్పున కోటవైపు జరుగుతుంటే సరే. ఒక్కసారిగా పది గడులు దూకితే, ఆ అలలో జంటలను విడదీస్తాను, ఆయువు జోలికి పోను.