మైనం మలాము

మా హోసూరు పక్క పుష్యమాసం చలికి అందరి చేతులూ తెల్లగా పొట్టు లేస్తాయి. గులాబీ తోటలో పనికి పోయే మా అమ్మకైతే మడమలు చీలి, అడుగు వేస్తే రక్తం వస్తుంది. అరచేతుల్లోనూ అరికాళ్లలోనూ నూనె ఊరే గ్రంథులు ఉండవు. మడమ తోలు మందం కూడా. అది ఎండితే సాగదు, ఒంటి బరువు పడగానే చీలుతుంది.

దీనికి మా అవ్వ మైనం మలాము కాస్తుంది. తేనె పిండేసిన పట్టును నీళ్లలో వేసి కాచి, గుడ్డలో వడగట్టి చల్లారనిస్తే, మైనం పైకి తేలి బిళ్ళలాగా గట్టిపడుతుంది. మురికి అడుగున నీళ్లలో నిలిచిపోతుంది. ఆ బిళ్ళను తుడిచి, బాగా ఆరబెట్టాలి.

వేపాకును నాలుగైదు రోజులు నీడన ఆరబెడుతుంది అవ్వ. చేత్తో నలిపితే గలగలమని పొడి కావాలి. "పచ్చాకు వేస్తే నీళ్లు నూనెలో దిగుతాయమ్మీ, మలాము బూజు పడుతుంది" అంటుంది. ఎండిన ఆకు ఒక గుప్పెడు, నువ్వుల నూనె 100 గ్రాములు చిన్న గిన్నెలో పోసి, ఆ గిన్నెను నీళ్లు మరిగే పెద్ద గిన్నెలో పెట్టి, సన్నమంట మీద ఒక గంట ఉంచాలి. పొయ్యి మీద నేరుగా పెడితే ఆకు మాడుతుంది, మైనం వేసినాక అయితే మంట అంటుకునే భయం కూడా ఉంది. కొబ్బరి నూనె మా చలికి తనే గడ్డ కడుతుంది, అందుకని అవ్వ దాన్ని వాడదు.

నూనెను పొడి గుడ్డలో వడగట్టి, మళ్లీ వేడినీళ్ల గిన్నెలో పెట్టి, తురిమిన మైనం 20 గ్రాములు వేస్తే మెల్లగా కరుగుతుంది. ఇక్కడే నాకు ఇష్టమైన పని. ఒక చుక్కను చల్లని స్టీలు తట్ట మీద వేసి రెండు నిమిషాలు ఆగి, వేలితో రుద్ది చూస్తాను. రాయిలాగా ఉంటే ఒక చెంచా నూనె, కారిపోతుంటే చిటికెడు మైనం కలపాలి. పోయినసారి చుక్క గట్టిగా ఉండింది, రెండు చెంచాలు నూనె పోసినాక సరిపోయింది. వెంటనే పొడి డబ్బాలో పోసి, పూర్తిగా చల్లారినాకే మూత పెట్టినాం. వేడి మీద మూత పెడితే లోపల ఆవిరి చెమ్మ చేరుతుంది.

మలాము తనంతట తాను చర్మానికి నీళ్లివ్వదు, ఉన్న తడిని పోనీయకుండా కాపాడుతుంది, అంతే. అందుకే అమ్మ రాత్రి పది నిమిషాలు గోరువెచ్చని నీళ్లలో కాళ్లు నానబెట్టి, తుడిచి, తడి పూర్తిగా ఆరకముందే రుద్దుకొని మేజోళ్లు వేసుకుంటుంది. రక్తం కారే లోతు చీలికల్లో మాత్రం పూయదు, పక్క తోలుకే రాస్తుంది. మా తాతకు చక్కెర జబ్బు. ఆయన మడమ పగిలితే అవ్వ డబ్బా తీయదు, నేరుగా ఆసుపత్రికి పిలుచుకొని పోతుంది.